సర్జన్ గారికి నాలుగు ముక్కలు, నైట్ నర్సుకి ఇంకో నాలుగు



అమెరికాలో ఉంటున్న మన ఇళ్ళలో పెద్దవాళ్ళకి పెద్ద ఆపరేషన్ జరిగి, మనిషి క్షేమంగా ఇంటికొచ్చి, నాలుగు ముద్దలు తినడం మొదలుపెట్టాక ఒక చర్చ లేస్తుంది. సర్జన్ గారికి ఏమిద్దాం? శాలువా కప్పుదామని ఒకరంటారు. వెండి వినాయకుణ్ణి ఇద్దామని ఇంకొకరు. ఒకపూట భోజనానికి పిలవండర్రా అని పెద్దావిడ. నర్సులకైతే మిఠాయి పెట్టెలు ఎలాగూ ఉన్నాయి. ఈ చర్చ ఇక్కడా, ఇండియా ఫోన్లలోనూ సాగి సాగి, ఈలోగా ఎవరి ఉద్యోగాల్లో వాళ్ళు పడిపోయి, చివరికి ఏమీ ఇవ్వకుండానే ఆర్నెల్లు గడిచిపోతాయి. ఇది మన ఇళ్ళలో చాలామందికి అనుభవమే.

ఈ చర్చలో నా ఓటు ఉత్తరానికి. సర్జన్ గారికి ఒకటి, నర్సులకి ఒకటి. రెండూ అరపేజీ దాటనక్కర్లేదు. వాటిలో ఏం రాస్తే బాగుంటుంది, ఎవరి పేరున పంపాలి, పంపాక అక్కడ అవి ఏమవుతాయి అన్నదే ఇవాళ్టి నా ప్రసంగం. మా అమ్మ సంగతి దగ్గర మొదలుపెడతాను. ఎందుకంటే ఉత్తరంలో పెట్టడానికి సరుకు కావాలి, ఆ సరుకు ఎక్కడ దొరుకుతుందో చెప్పాలంటే ఆసుపత్రి గదిలోకి వెళ్ళక తప్పదు.

అమ్మది తెనాలి. డెబ్బై దాటింది. కొన్నేళ్ళుగా మా దగ్గరే, డాలస్ పక్కన ఉంటోంది. ఇంగ్లీషు అంటే ఆమెకు హలో, థాంక్యూ, ఓకే. ఆమెకి ఇక్కడే ఒక ఆసుపత్రిలో బైపాస్ సర్జరీ జరిగింది. రొమ్ము మధ్య ఎముకని నిలువునా కోసి, ఛాతీ లోపలి గోడ మీద ఉండే ఒక ధమనినీ, కాలిలోంచి తీసిన సిరనూ వాడి, గుండెకి రక్తం వెళ్ళే దారులు మూసుకుపోయిన చోట పక్కదారులు వేస్తారు. తర్వాత ఆ ఎముకని స్టీలు తీగలతో బిగించి కుట్టేస్తారు. ఆ తీగలు అలాగే ఉండిపోతాయి. ఎముక అతుక్కోవడానికి నెలన్నర, రెండు నెలలు పడుతుంది. ఈ లోపల దగ్గినా తుమ్మినా ప్రాణం లేచొచ్చినట్టుంటుంది. అందుకని ఇక్కడి ఆసుపత్రుల్లో చాలాచోట్ల రోగికి ఒక దిండు ఇస్తారు. ఎర్రటి దిండు, గుండె ఆకారంలో. దగ్గు వచ్చినప్పుడల్లా దాన్ని గట్టిగా గుండెకి హత్తుకుని దగ్గాలి.

దిండుతోపాటు ఇంకో వస్తువు చేతికిస్తారు. అదొక ప్లాస్టిక్ డబ్బా, దానికో గొట్టం. గొట్టం నోట్లో పెట్టుకుని ఊపిరి లోపలికి మెల్లగా పీలిస్తే డబ్బాలో ఒక బిళ్ళ పైకి లేస్తుంది. ఎంత గాలి పీల్చారో పక్కనే మిల్లీలీటర్ల గీతలు చెబుతాయి. దాని పేరు స్పైరోమీటర్. మెలకువగా ఉన్నంతసేపూ గంటకి పదిసార్లు పీల్చమంటారు. చూడటానికి పిల్లల ఆటవస్తువులా ఉంటుంది కాబట్టి మనవాళ్ళు దాన్ని కిటికీ గట్టు మీద పెట్టి మర్చిపోతారు. అసలు సంగతేమిటంటే, ఛాతీ నొప్పికి భయపడి పైపైన ఊపిరి తీస్తూ ఉంటే ఊపిరితిత్తుల అడుగుభాగంలో గాలి తిత్తులు ముడుచుకుపోతాయి. అక్కడ కఫం చేరుతుంది. అది న్యుమోనియా దాకా వెళ్ళొచ్చు. గుండె ఆపరేషన్ బ్రహ్మాండంగా జరిగి, మనిషి ఊపిరితిత్తుల దగ్గర ఇబ్బందిపడటం ఇలాగే మొదలవుతుంది.

అమ్మని ఐసీయూ నుంచి మామూలు వార్డుకి మార్చిన రాత్రి మేమెవరం గదిలో లేము. నైట్ డ్యూటీ నర్సు వచ్చి, నొప్పి సున్నా నుంచి పది దాకా ఎంత ఉంది అని అడిగింది. అమ్మ ఓకే అంది. ఇంకోసారి అడిగితే ఇంకోసారి ఓకే అంది. ఆ అమ్మాయి ఆ మాట నమ్మలేదు. డబ్బా తెచ్చి పీల్చమంది. బిళ్ళ అయిదొందల దగ్గర ఆగిపోయింది. పీల్చేటప్పుడు అమ్మ పెదాలు బిగబట్టడం, భుజాలు ముందుకి ముడుచుకోవడం ఆమె చూసింది. చూసి, గది బయటికెళ్ళి చక్రాల స్టాండు మీదున్న ట్యాబ్లెట్ తోసుకుంటూ వచ్చి, తెలుగు దుభాషిని తెర మీదికి పిలిచింది. ఫెడరల్ ప్రభుత్వ సొమ్ము తీసుకునే ఆసుపత్రులు ఇంగ్లీషు రాని రోగికి దుభాషిని ఉచితంగా ఏర్పాటు చెయ్యాలని ఇక్కడ చట్టం ఉంది. కొడుకో కోడలో వచ్చేదాకా ఆగుదాంలే అనుకోవడం తేలిక. ఆ అమ్మాయి ఆగలేదు.

దుభాషి అడిగితే అప్పుడు బయటపడింది. అమ్మ ఏమందో తెలుసా? "నొప్పి చాలా ఉందమ్మా. కానీ అర్ధరాత్రి ఆ పిల్లని మాటిమాటికీ నిద్ర లేపడం ఎందుకని ఊరుకున్నాను."

నర్సులు రాత్రిళ్ళు ఎక్కడో పడుకుంటారనీ, గంట కొడితే లేచి వస్తారనీ అమ్మ అనుకుంది. పొద్దున ఏడింటి దాకా తాను మెలకువగానే ఉంటాననీ, అందుకే తనకి జీతమిస్తున్నారనీ ఆ అమ్మాయి నవ్వుతూ చెప్పింది. నొప్పి మాత్ర ఇచ్చి, అది పనిచేసేదాకా ఆగి, దిండు హత్తుకోమని చెప్పి దగ్గించి, అప్పుడు మళ్ళీ డబ్బా ఇచ్చింది. ఆ తర్వాత రాత్రంతా అదే వరస. మాత్ర ముందు, ఊపిరి కసరత్తు తర్వాత. తెల్లారేసరికి బిళ్ళ వెయ్యి గీత తాకింది. ఏడు గంటలకి డ్యూటీ మారేటప్పుడు రాత్రి నర్సు పగటి నర్సుకి మంచం పక్కనే నిలబడి అన్నీ ఒప్పగిస్తుంది. మేము అప్పటికి వెళ్ళాం కాబట్టి ఇదంతా చెవులారా విన్నాం. "ఈవిడ ఓకే అంటే ఓకే అని కాదు, డబ్బా చూడు" అని పగటి నర్సుకి చెప్పి వెళ్ళిపోయింది.

ఆ అమ్మాయి మళ్ళీ మాకు కనిపించలేదు. పన్నెండేసి గంటల డ్యూటీలు వారంలో మూడు చేస్తారు వీళ్ళు. ఆమె తిరిగి వచ్చేనాటికి అమ్మ ఇంటికొచ్చేసింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆ నర్సు వైపు నుంచి చూడండి. ఆమె చూసింది ట్యూబులతో, నొప్పితో, మాట తెలియని చోట ముడుచుకుని పడుకున్న ముసలావిణ్ణి. ఐసీయూ నర్సులు చూసేది ఇంకా ముందు దశ. వెంటిలేటర్ మీద స్పృహ లేకుండా ఉన్న మనిషిని. ఆపరేషన్ గదిలో ఉన్నవాళ్ళకైతే ఆ మాత్రం పరిచయం కూడా లేదు. మనిషి కోలుకుని, నడిచి, నవ్వే దశ వచ్చేసరికి ఇంట్లో ఉంటాడు. ఆ దశ వాళ్ళ కంట పడదు. పైగా వార్డుకి తిరిగి వచ్చేవాళ్ళెవరు? ఇంటికెళ్ళాక పుండు చీము పట్టినవాళ్ళు, ఒంట్లో నీరు చేరినవాళ్ళు. బాగుపడినవాళ్ళు మాయమైపోతారు, బాగుపడనివాళ్ళే వెనక్కి వస్తారు. సర్జన్ సంగతి కూడా ఇంచుమించు ఇంతే. కొన్ని వారాలకి క్లినిక్‌లో ఒకసారి కుట్లు చూసి, బాగానే ఉన్నారు, ఇక కార్డియాలజిస్టు దగ్గరికి వెళ్ళండి అంటారు. ఆ తర్వాత మనం బతికి బట్టకట్టామో లేదో ఆయనకి తెలిసే మార్గం తక్కువ.

అందుకే ఉత్తరంలో పొగడ్త కన్నా ముందు కబురు ఉండాలని నా అభిప్రాయం. శాలువాలో లేనిదీ, ఉత్తరంలో ఉండేదీ ఆ కబురే.

సర్జన్ గారికి మేము ఇంగ్లీషులో రాసిన ఉత్తరాన్ని తెలుగులో చదువుతాను.

"డాక్టరు గారూ, మార్చి నెలలో మీరు మా అమ్మకి బైపాస్ చేశారు. ముందురోజు సాయంత్రం మీరు కుర్చీ లాక్కుని మంచం పక్కన కూర్చుని, కాగితం మీద గుండె బొమ్మ గీసి, ఎక్కడ మూసుకుపోయిందో, ఎక్కడ అతుకుతారో చూపించారు. దుభాషి చెప్పేదాకా ప్రతి వాక్యానికీ ఆగారు. అమ్మకి ఆ రాత్రి నిద్ర పట్టింది. ఇప్పుడు ఆమె మేడమెట్లు మధ్యలో ఆగకుండా ఎక్కుతోంది. పోయిన వారం పెరట్లో వంగ నారు నాటింది. ఆపరేషన్ గదిలో మీతోపాటు పనిచేసినవాళ్ళ ముఖాలు మేము చూడలేదు. మత్తు ఇచ్చినవారికీ, గుండె ఆగి ఉన్నంతసేపూ రక్తాన్ని నడిపించే యంత్రం దగ్గర నిలబడినవారికీ, నర్సులకీ ఈ మాట చేరవెయ్యండి. మేము మీకు రుణపడి ఉన్నాం."

అంతే. ఇందులో దేవుడి ప్రస్తావన లేదు. మన వాడుకలో డాక్టర్ని దేవుడనడం సహజం, మా తమ్ముడు మొదట రాసిన చిత్తుప్రతిలో ఉంది కూడా. నేనే తీయించాను. దేవుడు అన్న మాట ఏ సర్జన్‌కైనా రాయొచ్చు. కుర్చీ లాక్కుని బొమ్మ గీసింది మాత్రం ఈయన. పైగా దేవుడితో పోల్చిన ఉత్తరానికి ఆయన ఏమని జవాబివ్వగలడు? వంగ నారుకైతే ఇవ్వగలడు. ఇచ్చాడు కూడా. కాయలు వచ్చాయా అని రెండు వాక్యాలు రాసి పంపాడు.

ఆపరేషన్ గదిలో మిగతావాళ్ళ పేర్లు కావాలంటే దొరుకుతాయి. 2021 ఏప్రిల్ నుంచి అమలైన ఫెడరల్ నియమం ప్రకారం డాక్టర్లు రాసే నోట్స్ చాలావరకు రోగికి ఆలస్యం లేకుండా, ఉచితంగా ఆన్‌లైన్లో అందుబాటులో ఉండాలి. ఆసుపత్రి పోర్టల్‌లోకి వెళ్ళి ఆపరేషన్ నోట్ తెరిస్తే పైనే సర్జన్, సహాయకులు, అనస్థీషియా డాక్టరు పేర్లు మామూలుగా ఉంటాయి. అయితే ఆ పోర్టల్ మెసేజిలోనే థాంక్స్ రాసి సరిపెట్టెయ్యొద్దు. ఆ మెసేజీలు మందుల రీఫిల్ అడిగేవాళ్ళూ, కడుపునొప్పివాళ్ళూ రాసే వరసలోకే వెళతాయి. వాటిని సాధారణంగా ముందు క్లినిక్ సిబ్బంది చూస్తారు. డాక్టరుదాకా వెళ్ళొచ్చు, వెళ్ళకపోవచ్చు. కార్డు మీద చేత్తో రాసి, సర్జన్ ఆఫీసు అడ్రసుకి స్టాంపు అంటించి పంపండి. అది బల్ల మీదికి చేరే అవకాశం ఎక్కువ.

నర్సుకి రాసే ఉత్తరం వేరు. దాన్ని నర్సుకి కాదు, ఆ వార్డు నర్స్ మేనేజరుకి రాయాలి. ఇక్కడ కొంచెం లౌక్యం ఉంది. నర్సు చేతికిచ్చిన కార్డు ఆమె ఇంటికెళ్ళి ఫ్రిజ్ మీద అతుక్కుంటుంది. సంతోషమే. మేనేజరుకి వెళ్ళిన ఉత్తరాన్ని డ్యూటీ మొదలయ్యే ముందు అందరూ గుమిగూడే చోట చదవొచ్చు. దాని నకలు ఆ నర్సు ఉద్యోగ ఫైలులో పెట్టొచ్చు. ఏడాది చివర ఆమె పనిని అంచనా వేసేటప్పుడు ఆ కాగితం బయటికి రావచ్చు. అందుకని మేము ఇలా రాశాం.

"మేనేజరు గారికి. మార్చి రెండో వారంలో మా అమ్మ మీ కార్డియాక్ వార్డులో ఉంది. మంగళవారం రాత్రి డ్యూటీలో ఉన్న నర్సు గురించి ఈ ఉత్తరం. అమ్మకి ఇంగ్లీషు రాదు. నొప్పి ఉందా అంటే ఓకే అంది. మీ నర్సు ఆ మాటతో తృప్తిపడకుండా స్పైరోమీటర్ అయిదొందల దగ్గర ఆగడం గమనించి, అర్ధరాత్రి తెలుగు దుభాషిని పిలిచి అసలు సంగతి రాబట్టింది. ముందు మాత్ర ఇచ్చి తర్వాత కసరత్తు చేయించి, పొద్దుటికి వెయ్యికి తెచ్చింది. అమ్మకి న్యుమోనియా రాలేదు. ఇప్పుడు ఇంట్లో తిరుగుతోంది. ఆ నర్సుకి ఈ సంగతి తెలియాలి. అలాగే పొద్దున్నే అమ్మ జడ చిక్కు తీసి అల్లిన టెక్నీషియన్‌కి కూడా."

జడ విషయం రాయాలా వద్దా అని మా ఇంట్లో వాదన జరిగింది. అది వైద్యం కాదు కదా అని. నేను రాయాల్సిందేనన్నాను. ఒళ్ళు తుడిచే, మంచం మార్చే, నడిపించే ఆ టెక్నీషియన్లకి నర్సులకంటే తక్కువ జీతం, నర్సులకంటే తక్కువ ఉత్తరాలు. తలంటు లేక, దువ్వెన పడక అమ్మ సిగ్గుపడుతున్న పూట ఆమె చేసిన పని మాకు చిన్నది కాదు.

పేర్ల విషయంలో ఒక మాట. గదిలో మంచానికి ఎదురుగా తెల్లబోర్డు ఉంటుంది. ఆ పూట నర్సు ఎవరు, టెక్నీషియన్ ఎవరు అని దాని మీద మార్కర్‌తో రాస్తారు, డ్యూటీ మారగానే చెరిపేస్తారు. పూటకోసారి ఫోనుతో ఆ బోర్డుని ఫోటో తీసి పెట్టుకోండి. తర్వాత రాసేటప్పుడు అంతకు మించిన ఆధారం అక్కర్లేదు. చాలామంది బ్యాడ్జీల మీద ఇంటిపేరు ఉండదు. మొదటి పేరు, వార్డు, తేదీ, రాత్రా పగలా అన్నవి ఉంటే మేనేజరు డ్యూటీ చార్టు చూసి పట్టుకుంటారు. అసలు పేరే తెలియకపోయినా తేదీ, గది నంబరు చాలు.

ఇలాంటి ఉత్తరాల మీదే నడిచే ఒక వ్యవస్థ ఈ దేశంలో ఉంది. దాని పుట్టుక మన ఊహకి భిన్నంగా ఉంటుంది. 1999లో పాట్రిక్ బార్న్స్ అనే 33 ఏళ్ళ యువకుడు ఐటీపీ అనే జబ్బుతో ఆసుపత్రిలో చేరాడు. మన ఒంటిలోని రక్షణ వ్యవస్థే దారితప్పి, రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్లేట్‌లెట్లని నాశనం చేసే జబ్బు అది. అంతకుముందు క్యాన్సర్‌ని రెండుసార్లు జయించినవాడు. ఇంట్లో పసిపాప. తిండి సయించడం లేదు. ఒకరోజు తండ్రి తినడానికని దాల్చినచెక్క రోల్ తెచ్చుకుంటే, దాని వాసనకి నాకో ముక్క ఇవ్వమని అడిగి మొత్తం తినేశాడట. రేపు కూడా తీసుకురా, కానీ ఇక్కడి నర్సులందరికీ సరిపడా తే అన్నాడట. ఎనిమిది వారాల పోరాటం తర్వాత అతను చనిపోయాడు.

కొడుకు పోయిన ఇంట్లో తండ్రి మార్క్, ఆయన భార్య బోనీ, పాట్రిక్ భార్య కూర్చుని ఏం చెయ్యాలని ఆలోచించినప్పుడు వాళ్ళకి మొదట గుర్తొచ్చింది నర్సులు. డాక్టర్లు, మందులు తెలిసిన విషయమే, కానీ నర్సుల ఓపిక, నేర్పు ఇంతని మాకు అంతకుముందు తెలియదు అన్నారు వాళ్ళు. అలా పుట్టింది డైసీ ఫౌండేషన్. వ్యక్తిగత పేరు పెట్టలేదు, రోగనిరోధక వ్యవస్థ మీద దాడిచేసే జబ్బులు అన్న ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిపారు. రోగో, రోగి కుటుంబమో ఒక నర్సు చేసిన పని గురించి రాసి ఇస్తే, ఆసుపత్రిలో ఒక కమిటీ వాటిని చదివి ఎంపిక చేస్తుంది. చాలాచోట్ల నర్సు పేరు, వార్డు పేరు కొట్టేసి మరీ కమిటీకి ఇస్తారు, తెలిసినవాళ్ళని చూసి ఓటెయ్యకుండా. ఎంపికైన నర్సుకి ఆమె వార్డులోనే, సహోద్యోగుల మధ్య, చెప్పకుండా వెళ్ళి ఆ ఉత్తరం చదివి వినిపిస్తారు. సర్టిఫికెట్, పిన్ను, జింబాబ్వేలోని షోనా శిల్పులు రాతితో చెక్కిన చిన్న బొమ్మ ఇస్తారు. వార్డందరికీ దాల్చినచెక్క రోల్స్ పంచుతారు. పాట్రిక్ అడిగిన రోల్సే అవి. ఇప్పుడు అమెరికాలోనూ బయటి దేశాల్లోనూ కొన్ని వేల ఆసుపత్రుల్లో ఈ పద్ధతి ఉంది.

పేరు కొట్టేసి చదివినప్పుడు ఏ ఉత్తరం గెలుస్తుందో ఆలోచించండి. చాలా మంచి అమ్మాయి, ఎప్పుడూ నవ్వుతూ ఉంటుంది, మా అమ్మని సొంత తల్లిలా చూసింది అని రాస్తే అలాంటివి ఆ కట్టలో యాభై ఉంటాయి. అయిదొందల దగ్గర ఆగిన బిళ్ళ ఒక్కటే ఉంటుంది. మీ ఆసుపత్రిలో ఈ పద్ధతి ఉందో లేదో లాబీలో అడగండి. లిఫ్టుల దగ్గర డబ్బా, పక్కన ఫారాలు ఉంటాయి, లేదా ఆసుపత్రి వెబ్‌సైటులో ఉంటుంది. సాధారణంగా ఇది నర్సులకే. టెక్నీషియన్లకి, శుభ్రం చేసేవాళ్ళకి కొన్ని ఆసుపత్రులు వేరే పేర్లతో ఇలాంటివి నడుపుతున్నాయి. అదీ అడిగి తెలుసుకోండి.

మాటల వల్ల నర్సులకి మనసుకి హాయి తప్ప రోగికి ఒరిగేదేముంది అని అడిగేవాళ్ళకి ఒక పరిశోధన సంగతి. ఇజ్రాయెల్‌లో నెలలు నిండని పసికందుల ఐసీయూల్లో పనిచేసే డాక్టర్లు, నర్సులతో 43 జట్లు కట్టారు. అభ్యాసంగా కొన్ని అత్యవసర కేసులు ఇచ్చారు. కొన్ని జట్లకి ముందుగా, ఇలాంటి వార్డులో తన బిడ్డ బతికిన ఒక తల్లి చెప్పిన కృతజ్ఞతని వినిపించారు. కొన్నింటికి ఒక పెద్ద డాక్టరు మెచ్చుకోలు వినిపించారు. తల్లి మాట విన్న జట్లు ఒకరికొకరు సమాచారం ఎక్కువగా అందించుకుని కేసుల్ని మెరుగ్గా నడిపాయి. పెద్ద డాక్టరు మెచ్చుకోలుకి అంత ఫలితం కనిపించలేదు. 2019లో పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చింది ఇది. అభ్యాసం కేసులే కాబట్టి దీన్నిబట్టి మరీ పెద్ద మాటలు అనలేం. అయినా, పై అధికారి భుజం తట్టడం కన్నా తల్లి మాటకి బలం ఎక్కువని తేలడం నాకు నచ్చింది.

ఇక కానుకల సంగతి. ఇవ్వకూడదని కాదు. డబ్బు, గిఫ్ట్ కార్డులు మాత్రం ఇవ్వొద్దు. నర్సులు తీసుకోకూడదని చాలా ఆసుపత్రుల్లో నిబంధన. కవరు చేతిలో పెడితే ఆమెకి అది ఇరకాటం, తిరిగి ఇవ్వలేక, తీసుకోలేక. డాక్టర్ల విషయంలో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ నీతి నియమావళి చిన్న కానుకల్ని కాదనదు. రోగి తాహతుకి మించినవి, విపరీతమైన ఖరీదైనవి వద్దని చెప్పమంటుంది. కావాలంటే ఏదైనా సేవాసంస్థకి ఇవ్వమని సూచించవచ్చంటుంది. కాబట్టి వెండి వినాయకుడి దగ్గర ఆయన మొహమాటపడితే అవమానంగా తీసుకోకండి.

మిఠాయిలు తీసుకెళ్ళేవాళ్ళకి రెండు జాగ్రత్తలు. ఇంట్లో చేసినవి కొన్ని వార్డుల్లో ముట్టుకోరు, కొట్టులోంచి సీలు తీయకుండా తీసుకెళ్ళండి. మన మిఠాయిల్లో సగం జీడిపప్పే, జీడిపప్పు పడనివాళ్ళు ఉంటారు. కాజూ కట్లీ చూడటానికి పాలకోవాలానే ఉంటుంది, అందులో ఏముందో తెలియక తింటే ప్రమాదం. పెట్టె మీద ఏమేం వేశారో ఇంగ్లీషులో రాసి అంటించండి. రెండోది, మధ్యాహ్నం ఇచ్చిన పెట్టె సాయంత్రం ఏడింటికి ఖాళీ. రాత్రి డ్యూటీ వాళ్ళకి అట్ట ముక్కలే మిగులుతాయి. రెండు పెట్టెలు తీసుకెళ్ళి, ఒకదాని మీద నైట్ షిఫ్ట్ అని పెద్దక్షరాలతో రాయండి. మేము అలాగే చేశాం, మీద ఉత్తరం నకలు అతికించి.

ఇంటికొచ్చిన కొన్ని వారాల్లోపు ఒక సర్వే రావచ్చు. పోస్టులోనో, ఫోనులోనో, ఈమెయిలులోనో. దాన్ని చెత్తబుట్టలో వెయ్యకండి. దేశమంతటా ఆసుపత్రులు చేసే సర్వే అది. ఫలితాలు అందరికీ కనబడేలా పెడతారు. మెడికేర్ నుంచి ఆసుపత్రికి అందే డబ్బులో కొంత వాటి మీద ఆధారపడుతుంది. నర్సులు మిమ్మల్ని మర్యాదగా చూశారా, అర్థమయ్యేలా చెప్పారా అని అడిగి, ఎప్పుడూ, చాలావరకు, అప్పుడప్పుడు, ఎన్నడూ లేదు అని నాలుగు గడులు ఇస్తారు. మనవాళ్ళు మితంగా మాట్లాడేవాళ్ళు. ఎంత బాగా చూసినా చాలావరకు అన్న గడిలో టిక్కు పెడతారు, పూర్తి మార్కులు వెయ్యడం మన మాస్టార్లకి అలవాటు లేనట్టు. లెక్కలో పై మెట్టుగా తీసుకునేది మాత్రం ఎప్పుడూ అన్న గడినే. నిజంగా లోపం కనిపిస్తే రాయండి. లోపం ఏమీ లేకపోతే మొహమాటానికి ఒక మెట్టు దించకండి. ఆ సర్వే తెలుగులో రాదు. ఇదివరకు దాన్ని రోగి తప్ప ఇంకెవరూ నింపకూడదన్న నియమం ఉండేది. 2025 నుంచి డిశ్చార్జి అయినవాళ్ళ తరఫున ఇంట్లోవాళ్ళు జవాబివ్వచ్చు. అమ్మ పక్కన కూర్చుని ఒక్కో ప్రశ్నా తెలుగులో అడిగి, ఆమె చెప్పిందే గుర్తుపెట్టండి.

ఇంకో కాగితం కూడా వస్తుంది, కొన్ని నెలలకి. ఆసుపత్రి ఫౌండేషన్ అనే పేరుతో, మంచి కాగితం మీద, మీ డాక్టరు పేరు కూడా పెట్టి, విరాళం ఇవ్వండి అని. మా పక్కింటి పిన్నిగారు దాన్ని బిల్లు అనుకుని కంగారుపడ్డారు. బిల్లు కాదు. రోగి పేరు, ఏ విభాగంలో ఎప్పుడు వైద్యం జరిగింది, ఏ డాక్టరు చూశారు అన్నంత వరకు విరాళాల కోసం వాడుకోవడానికి 2013 నుంచి నియమాలు ఒప్పుకుంటున్నాయి. ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి. ఫలానా వార్డు నర్సుల చదువు నిధికి అని రాస్తే చాలాచోట్ల దానికే వేస్తారు. వద్దనుకుంటే ఇక పంపొద్దని చెప్పే మార్గం అదే కాగితం మీద ఉండాలి, ఉంటుంది. ఇవ్వనంత మాత్రాన మీ వైద్యంలో తేడా రాకూడదన్నది కూడా అదే నియమం.

ఈ ప్రసంగం వింటూ, మా నాన్నగారి ఆపరేషన్ అయి రెండేళ్ళయింది, ఇప్పుడు రాస్తే ఏం బాగుంటుంది అనుకునేవాళ్ళు ఉంటారు. నాకైతే ఆలస్యంగా వచ్చే ఉత్తరమే ఎక్కువ విలువైందనిపిస్తుంది. వారం రోజుల తర్వాత రాస్తే మెట్లెక్కుతున్నాడని రాయగలరు. రెండేళ్ళ తర్వాత రాస్తే మనవరాలి పెళ్ళిలో అప్పగింతల దాకా నిలబడ్డాడని రాయగలరు, ఫోటో కూడా పెట్టగలరు. ఆ నర్సు వార్డు మారి ఉండొచ్చు, ఊరు మారి ఉండొచ్చు. ఆసుపత్రి అడ్రసు, పేషెంట్ రిలేషన్స్ అని పైన రాసి, వార్డు పేరు, నెల, సంవత్సరం, తెలిసిన మొదటి పేరు వేసి పంపండి. వెతికి అందించడం ఆ ఆఫీసు పనుల్లో ఒకటి. కవరు మీద మీ అడ్రసు కూడా వెయ్యండి, వంకాయల గురించి ఎవరైనా అడగొచ్చు.